ఎమ్ సైజు, ఇద్దరు వదినలు

మాది కిల్లో వంశం, పులి. ఆమెది పాంగి, గద్ద. ఆ లెక్కన మేమిద్దరం వదినలమే. పాడేరులో ఒకే హాస్టల్ గదిలో ఉంటూ చదువుకుంటున్నాం. సబ్బు నుంచి చెప్పుల దాకా ఒకరివి ఇంకొకరం వాడేసుకుంటాం. అందుకే కాలేజీ వీడ్కోలు సభకు ఒకేరకం కుర్తీలు కొనాలనుకున్నప్పుడు సైజు గురించి ఎక్కువ ఆలోచించలేదు. టేపుతో చూసుకుంటే ఇద్దరి ఛాతీ కొలతా 36 అంగుళాలే. ఫోన్లో ఒకే రంగు, ఒకే ఎమ్ సైజు, రెండు నొక్కాం. ఒక్కోటి 549 రూపాయలు.

నాది చక్కగా సరిపోయింది. వదిన వేసుకుని జడ వేసుకుందామని చేతులు పైకెత్తింది, సగంలోనే ఆగిపోయాయి. "ఒలే వదినా, చంకల్లో పట్టేస్తంది. చెయ్యి లేవట్లేదు" అంది. కుర్తీ విప్పి మంచం మీద పడేసి, "నా ఒళ్లే తేడా. మోతలు మోసీ మోసీ మగాడి భుజాలైపోయాయి" అంది. ఆ మాట నాకు నచ్చలేదు. చిన్నప్పటి నుంచి కట్టెల మోపులు, నీళ్ల బిందెలు మోసిన మనిషి ఆమె. ఆ భుజాలు ఊరికే రాలేదు.

టేపు తీసి రెండు కుర్తీలనూ మంచం మీద పరిచి కొలిచాను. ఈ చంక కుట్టు నుంచి ఆ చంక కుట్టు దాకా 19 అంగుళాలు, అంటే చుట్టూ 38. మా ఒళ్లు 36 కదా, రెండంగుళాలు వదులు ఉంది. సాగని నూలు గుడ్డకు ఆ మాత్రం వదులు లేకపోతే ఊపిరి తీసుకోవడమే కష్టం. రెండు కుర్తీలూ ఒకేలా ఉన్నాయి కాబట్టి కుట్టులో తేడా లేదు. భుజం ఈ కొస నుంచి ఆ కొసకు 14 అంగుళాలు. నా భుజం పదమూడున్నర, వదినది 15. చేతి చుట్టుకొలత కుర్తీలో 12. నా చెయ్యి పదిన్నర, వదిన చెయ్యి సరిగ్గా 12. వదులు అన్నదే లేదు, ఇక చెయ్యి ఎలా లేస్తుంది?

ఫోన్లో సైజు పట్టిక మళ్లీ తెరిచాం. అందులో ఉన్నవి రెండే గళ్లు, ఛాతీ, పొడవు. భుజం మాట లేదు, చేతి మాట లేదు. ఎమ్ అన్న అక్షరానికి ఛాతీ ఒక్కటే తెలుసు. మిగతావన్నీ ఆ కంపెనీ మనసులో ఊహించుకున్న ఒక అమ్మాయివి.

"ఎల్‌కి మార్చేద్దాం" అంది వదిన. పాడేరు చిరునామా కాబట్టి వెనక్కి తీసుకెళ్లడానికి మనిషి వస్తాడు. ఆమె ఊరికైతే ఆ వెసులుబాటు కూడా లేదు. కానీ ముందు పక్క గదిలో అక్క దగ్గరున్న అదే కంపెనీ ఎల్ కుర్తీ తెచ్చి కొలిచాం. ఛాతీ 40, భుజం పద్నాలుగున్నర, చెయ్యి పన్నెండున్నర. ఛాతీ రెండంగుళాలు పెరిగితే భుజం, చెయ్యి అరంగుళమే పెరిగాయి. కంపెనీలు ముందు ఒక సైజు నమూనా చేసి, దాన్నుంచి మిగతా సైజులు ఇలా లెక్కవేసి పెంచుకుంటూ పోతాయి. ఎల్ తెప్పిస్తే ముందువైపు సంచిలా వేలాడుతుంది, భుజం దగ్గర మళ్లీ పట్టేస్తుంది.

మన దేశపు ఒళ్లకు తగ్గ సైజులు తయారు చేయడానికి నిఫ్ట్ సంస్థ హైదరాబాద్, షిల్లాంగ్ సహా ఆరు నగరాల్లో 25,000 మందికి పైగా కొలతలు తీసే పని చేపట్టింది. మంచి పనే. కానీ నగరాల్లో కొలిస్తే మా కొండ భుజాలు ఎన్ని పడతాయో!

కుర్తీని వెనక్కి పంపకుండా బజార్లో టైలరన్న దగ్గరకు తీసుకెళ్లాం. ఆయన చేతి కుట్టు తిరగేసి లోపల వదిలిన గుడ్డ చూశాడు. కుట్టుకు ఇటూ అటూ పావు అంగుళం చొప్పున విప్పొచ్చన్నాడు, అంటే అరంగుళం దొరుకుతుంది. భుజం మాత్రం పెంచలేనన్నాడు, అక్కడ గుడ్డ ముందే కత్తిరించేశారు. "చంక కింద నాలుగు పలకల ముక్క వేస్తానమ్మా, చెయ్యి లేస్తాది" అన్నాడు. ఆ ముక్కకు కుర్తీ అంచు మడతలోంచే గుడ్డ తీశాడు. 60 రూపాయలు తీసుకున్నాడు. భుజం దగ్గర కాస్త పట్టు ఇంకా ఉంది గానీ వదిన చేతులెత్తి జడ వేసుకోగలిగింది.

ఇప్పుడు ఏది కొనాలన్నా వదిన ముందుగా తనకు బాగా సరిపోయే పాత జాకెట్టును మంచం మీద పరుస్తుంది. భుజం, చెయ్యి కొలిచి కాగితం మీద రాసుకుంటుంది. పట్టికలో భుజం గడి ఉంటే, ఆ కొలత ఒంటిదా గుడ్డదా అని చూస్తుంది. గడి లేకపోతే ఆ కుర్తీ ఎంత బాగున్నా కొనదు. మొన్న నాకు ఒకటి నచ్చి చూపిస్తే, "చేతులు లేనిదైతే చూడవే" అని ఫోన్ లాక్కుంది.