ఇల్లు చూడ వచ్చిన మేడం

మన షోలాపూర్ పూర్వభాగంలో పిల్లల్లేనివాళ్ళు మా ఇంటికి వచ్చి అడిగే మాట ఒక్కటే. "బిడ్డను ఎక్కడ దొరకబట్టిన్రు, ఎంత పెట్టిన్రు?" దొరకబట్టలేదు, కొనలేదు. సర్కారు దారిలో దరఖాస్తు పెట్టుకొని, కోర్టు ఆర్డరుతో తెచ్చుకున్నాం. 2017 ఫిబ్రవరిలో మొదలుపెడితే 2019 జూలైలో ఆర్డరు చేతికొచ్చింది. నేను నాలుగో తరగతి చదివినవాణ్ణి. మిల్లు మూతపడేదాకా మిల్లులో, ఆ తర్వాత పవర్‌లూమ్ మీద పని చేశాను. కాగితాల పని కొడుకు, కోడలు చూసుకున్నారు. ఇంట్లో కూర్చుని అన్నీ చూసినవాణ్ణి గనుక, అడిగినవాళ్ళకల్లా చెప్పేది ఒకసారి రాసిపెడుతున్నాను. పేర్లు రాయను.

ముందు వేరే దారి సంగతి చెప్పాలి. కొడుకు పెళ్ళయి పదేళ్ళయింది. దవాఖానాలు తిరిగి తిరిగి చాలించుకున్నారు. అప్పుడు ఒకాయన వచ్చి, ఒక నర్సింగ్ హోంలో పుట్టబోయే బిడ్డ ఉంది, రెండు లక్షలిస్తే పుట్టిన సర్టిఫికెట్ నేరుగా మీ కోడలి పేరు మీదే రాయిస్తానన్నాడు. మా కోడలికి ఆశ పుట్టింది, ఎందుకు పుట్టదు? కానీ వకీలు దగ్గర గుమాస్తాగా ఉన్న మా బావమరిది ఒక్కటే మాట అన్నాడు: "బావా, అది దత్తత కాదు, కొనుడు. దొరికితే అయిదేళ్ళ దాకా జైలు. ఇంకోటి, కన్నతల్లి రేపు వచ్చి నా బిడ్డ అంటే మీ చేతిల ఏం కాగితం ఉంటది?" ఈ రెండో మాటే కోడలికి తగిలింది. పెంచిన బిడ్డను ఎత్తుకుపోతారంటే ఎవరికి గుండె ఉంటుంది.

మనలో అన్న బిడ్డను తమ్ముడు పెంచుకోవడం పాత అలవాటే. అది కూడా వంద రూపాయల స్టాంపు మీద నోటరీ చేయించి ఊరుకుంటే చాలదు. హిందువులకు 1956 చట్టం ఉంది, దాని ప్రకారం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దత్తపత్రం రిజిస్టర్ చేయించుకోవాలి. మాకు అయినవాళ్ళలో ఇచ్చే బిడ్డ లేదు. అందుకే సర్కారు దారి పట్టాం. ఢిల్లీలో కారా అనే సంస్థ ఉంది. దేశం మొత్తానికి దరఖాస్తులు అక్కడికే, కంప్యూటర్ మీద పోవాలి.

మనం తగినవాళ్ళమేనా అని అందరికీ మొదటి భయం. అక్కడ చూసేది ఇది. పెళ్ళయి కనీసం రెండేళ్ళు సరిగా కాపురం చేసి ఉండాలి. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఒప్పుకోవాలి. ఇద్దరి వయసులు కలిపి లెక్క వేస్తారు. మేము పెట్టినప్పుడు నాలుగేళ్ళలోపు బిడ్డకు ఆ లెక్క 90 దాటకూడదు. కొడుకుకు 35, కోడలికి 31, కలిపితే 66. ఇప్పుడు నియమం కొంచెం మారింది, రెండేళ్ళలోపు బిడ్డకు 85 అన్నారు. నలభై దాటాక చూద్దాంలే అనుకునే జంటలు ఈ లెక్క వేసుకోవాలి. ఇంత జీతం ఉండాలని మాత్రం ఎక్కడా రాయలేదు.

కాగితాల దగ్గర మనలాంటివాళ్ళు చిక్కేది రెండు చోట్ల. టవల్ కారఖానాలో వారం వారం చేతికిచ్చే కూలికి పగారు చీటీ ఎక్కడిది? దానికి తహసీల్ ఆఫీసులో ఉత్పన్న దాఖలా తీసుకున్నాడు మావాడు. రెండోది పెళ్ళి సర్టిఫికెట్. మార్కండేయ గుడిలో పెళ్ళి చేశాం, రిజిస్టర్ ఎవరు చేయించారు? లగ్నపత్రిక, పెళ్ళి ఫొటో, సాక్షులను పట్టుకొని మహానగరపాలికలో అప్పుడు చేయించాం. పెళ్ళి పాతదే గనుక తారీఖు పాతదే వేశారు, రెండేళ్ళ లెక్కకు అడ్డు రాలేదు. ఇంటిపేరు ఆధార్‌లో ఒక తీరు, పాన్ కార్డులో ఒక తీరు ఉంటే అది కూడా ముందే సరిచేయించుకోవాలి. అన్నీ ఎక్కించడానికి ముప్పై రోజులే గడువు ఇచ్చారు, మాకు ఇరవై ఎనిమిదో రోజున అయింది.

ఆ తర్వాత ఇల్లు చూడడానికి మనిషి వస్తుంది. హోం స్టడీ అంటారు. అసలు పరీక్ష ఇదే, మన ఇళ్ళల్లో అందరూ భయపడేదీ దీనికే. మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో మా ఆవిడ, కోడలు బీడీలు చుడతారు. కోడలు రెండు రోజులు ముందు నుంచీ ఆకు, తంబాకు సంచులు మేడ మీదికి మోసింది, పక్కింటి నుంచి రెండు కుర్చీలు తెచ్చింది. వచ్చిన మేడం కుర్చీలు చూడలేదు. నీళ్ళు ఎప్పుడొస్తాయి, సండాస్ ఇంట్లో ఉందా, తంబాకు ఎక్కడ పెడతారు, బిడ్డ పాకే ఈడుకు ఆ పని ఎక్కడ చేస్తారు అని అడిగింది. సంపాదన కన్నా అప్పు ఎంతుందని ఎక్కువ అడిగింది. కొడుకు దాచకుండా చెప్పాడు, సొసైటీ లోను ఇంత, నెలకు కట్టేది ఇంత అని.

కొడుకును, కోడలిని వేరువేరుగా కూర్చోబెట్టి మాట్లాడింది. బిడ్డ కావాలని ఎవరు ముందన్నారు, పుట్టలేదన్న బాధ ఎంతవరకు తీరింది, రేపు బిడ్డకు నిజం చెబుతారా, ఎప్పుడు చెబుతారు, ఇట్లాంటివి. నన్ను అడిగింది ఒకటి నేను మరచిపోలేను. "బాబా, వీళ్ళిద్దరికీ ఏమన్నా అయితే ఆ బిడ్డను ఎవరు చూస్తారు?" నాకు నోట మాట రాలేదు. మా కూతురు, అల్లుడు మేము చూస్తామని ఆ వారంలోనే రాసిచ్చారు.

ఇక మా ఆవిడ వంతు. ఆమెకు మరాఠీ అర్థమవుతుంది గాని మాట్లాడడానికి నోరు తిరగదు. కోడలు మధ్యలో చెప్పాలి. "మీకు సమ్మతమేనా ఆజీ?" అని మేడం అడిగింది. మా ఆవిడ నేల మీద చూస్తూ, "బిడ్డది ఏ కులమో చెప్తరా? రేపు పెండ్లప్పుడు నలుగురు అడిగితే ఏమనాలె?" అన్నది. గదిలో సప్పుడు లేదు. కోడలి ముఖం తెల్లబోయింది. ఈ మాట మార్చి చెప్పినా అడిగేవాళ్ళు లేరు. కానీ ఆమె ఉన్నది ఉన్నట్టే మరాఠీలో చెప్పింది. నా మనసులో అనుకున్నాను, అయిపోయింది, ఇక మనకు ఇయ్యరు.

మేడం కోపానికి రాలేదు. ఆ ఫారంలో కులం గడి లేదు, అడిగినా ఎవరూ చెప్పరు అన్నది. "ఆజీ అడిగింది మంచిదైంది. ఇది బిడ్డ వచ్చినాక బయటపడితే బాధపడేది బిడ్డ. మీరంతా కలిసి మాట్లాడుకోండి, నేను మళ్ళీ వస్తాను" అని లేచింది.

ఆ పదిహేను రోజులు ఇంట్లో ఏం జరిగిందంటే, పెద్దగా ఏమీ జరగలేదు. అత్తాకోడళ్ళు ఎదురెదురుగా కూర్చుని బీడీలు చుట్టారు, మాట్లాడుకోలేదు. ఒక రాత్రి కోడలు, "అత్తమ్మా, బిడ్డ వచ్చినాక మీరు ఎత్తుకోకపోతే నాకు వద్దు. నేను ఫోన్ చేసి చెప్తా" అన్నది. మా ఆవిడ జవాబివ్వలేదు. మేడం రెండోసారి వచ్చినప్పుడు మాత్రం ఆమె తనే ముందు అడిగింది, అక్కడ బిడ్డలకు ఏం పాలు పడతారు, మన జావ అరుగుతుందా అని. మేడం ఆ రెండు రోజుల మాటలూ రిపోర్టులో రాసిందని తర్వాత కొడుకు చెప్పాడు. రిపోర్టు మూడేళ్ళు చెల్లుతుంది. దానికి ఆరు వేలు కట్టాం, రసీదు ఇచ్చారు.

తర్వాత ఎదురుచూపు. రెండేళ్ళకు దగ్గర. ఇప్పుడైతే చిన్నబిడ్డ కోసం మూడేళ్ళకు పైనే పడుతున్నదని విన్నాను. 2019 మార్చిలో ఒక సాయంత్రం కొడుకు ఫోనుకు మెసేజ్ వచ్చింది. తెరిస్తే ఆడపిల్ల ఫొటో, పద్నాలుగు నెలలు, రెండు రిపోర్టులు. ఒకటి బిడ్డ చరిత్ర, ఒకటి డాక్టరుది. మనకు కావాలంటే 48 గంటల్లో ఆపుకోవాలి, లేకుంటే వేరేవాళ్ళకు పోతుంది. ఆపుకున్నాక పోయి చూసి ఒప్పుకోవడానికి ఇరవై రోజులు ఇచ్చారు. పుట్టినప్పుడు కిలో ఏడు వందల గ్రాములే ఉన్నదని, రక్తం తక్కువని డాక్టరు కాగితంలో ఉంది. ఆ కాగితం తీసుకొని మన పిల్లల డాక్టరుకు చూపించాం. అట్లా చూపించుకునే హక్కు ఉంది. నెలలు నిండకముందే పుట్టిన బిడ్డ, బరువు ఇప్పుడు సర్దుకుంటున్నది, తిండి, మందు చూసుకుంటే చాలు అన్నాడు.

సంస్థ వేరే జిల్లాలో. నలుగురం ఎస్టీ బస్సులో పోయాం. బిడ్డ కోడలి దగ్గరికి పోలేదు, మా ఆవిడ గాజులు పట్టుకొని లాగింది. అంతే, ఆమె ఎత్తుకున్నది. కోడలు పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకున్నది. అక్కడ కాగితాల మీద సంతకాలు పెట్టించి, నలభై వేలు బ్యాంకు ద్వారా కట్టించుకున్నారు (భిషీ ఎత్తి ఉంచాం), కోర్టు ఆర్డరు వచ్చేదాకా సాకడానికి అని బిడ్డను ఇచ్చారు. జ్ఞాపకం పెట్టుకోండి, బిడ్డ ఇంటికి వచ్చినా అప్పటికి ఆమె మన బిడ్డ అయిపోలేదు. ఆ మూడు నెలలు కోడలు తలుపు చప్పుడైతే ఉలిక్కిపడేది.

కోర్టులో దరఖాస్తు పెట్టింది సంస్థే, మాకు వకీలును వెతకాల్సిన పని పడలేదు. సంస్థ ఉన్న జిల్లా కోర్టులోనే నడిచింది. రెండు నెలల్లో తేల్చాలని చట్టం, మాకు మూడు దాటింది. నలుగురిలో పిలవలేదు, జడ్జి తలుపులు వేసి విన్నారు. బిడ్డ కోసం ఎవరికైనా డబ్బు ఇచ్చారా అని అడిగారట, రసీదులు చూపించారు. పుట్టిన బిడ్డకు ఉన్న హక్కులన్నీ ఈ బిడ్డకు ఉంటాయని తెలుసా అని అడిగారట. మళ్ళీ మీకు బిడ్డ పుడితే అని కూడా. కోడలు, "పుడితే ఈమెకు తమ్ముడో చెల్లెలో అయితడు" అన్నదట.

ఆర్డరు వచ్చాక పుట్టిన సర్టిఫికెట్ కొత్తది వస్తుంది. తల్లి తండ్రి గడుల్లో కోడలు, కొడుకుల పేర్లే. దత్తత అన్న మాట అందులో ఉండదు. తర్వాత రెండేళ్ళు ఆరు నెలలకోసారి వచ్చి చూసిపోయారు, నాలుగుసార్లు. మూడోసారికి బిడ్డ మేడం సంచిలోంచి పెన్ను తీసి రిపోర్టు మీదే గీతలు గీసింది.

2021లో చట్టం మార్చారు. 2022 సెప్టెంబర్ నుంచి ఆర్డరు ఇచ్చే అధికారం జిల్లా మేజిస్ట్రేటుకు, అంటే కలెక్టరుకు ఇచ్చారు. మిగతా దారి దగ్గర దగ్గర ఇదే. దరఖాస్తు cara.wcd.gov.in లో పెట్టాలి. కంప్యూటర్ రానివాళ్ళు జిల్లా బాల సంరక్షణ ఆఫీసుకు పోతే చూపిస్తారు. మా మనవరాలు ఇప్పుడు బడికి పోతున్నది. తను ఎట్లా వచ్చిందో తనకు తెలుసు, ఎస్టీ బస్సు కథ చెప్పమని నానమ్మను రోజూ సతాయిస్తుంది. మా కోడలు దగ్గర అన్ని కాగితాల జిరాక్సులు ఉన్నాయి. అడగాలనుకునేవాళ్ళు ఆదివారం సాయంత్రం రండి, కారఖానాకు బీడీలు ఇచ్చి వచ్చాక ఇంట్లోనే ఉంటుంది.