తెల్లవారితే శనివారం, డాలస్‌లో శుక్రవారం మధ్యాహ్నం

పెళ్లికి వెబ్‌సైటంటే బాగా డబ్బున్నవాళ్ల ముచ్చట అనుకునేదాన్ని. మా చెల్లి పెళ్లికి నేనే చేశాను, గూగుల్ సైట్స్‌లో, పైసా ఖర్చు లేకుండా! ఆ సంబరం ఇంకా తగ్గలేదు.

ముహూర్తం ఫిబ్రవరిలో, శుక్రవారం రాత్రి 2:38కి. శుభలేఖలో ‘తెల్లవారితే శనివారం’ అని వేస్తాం కదా, మన లెక్కలో సూర్యోదయం దాకా శుక్రవారమే. ఫోను మాత్రం అర్ధరాత్రి దాటగానే శనివారంలోకి వెళ్లిపోతుంది. అందుకని పెళ్లి కార్యక్రమాల పట్టికలో శుభలేఖ మాట అలాగే ఉంచి, పక్కన గూగుల్ క్యాలెండర్ లింకు పెట్టాను. క్యాలెండర్‌లో ముహూర్తాన్ని శనివారం తెల్లవారుజాము 2:38గా, భారత కాలమానంతో ఎక్కించాను. డాలస్‌లో ఉన్న బాబాయి ఆ లింకు నొక్కితే ఏం కనబడిందో తెలుసా? శుక్రవారం మధ్యాహ్నం 3:08! లైవ్ చూడడానికి ఆఫీసుకి ఏ రోజు సెలవు పెట్టాలో ఆయనకి ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

దారి సంగతి ఇంకా బాగుంది. కల్యాణమండపం పేరు కొట్టి వెతికితే అదే పేరుతో ఇంకో హాలు కూడా వస్తోంది. పేరుని వదిలేశాను. గూగుల్ మ్యాప్స్‌లో సరిగ్గా గేటు మీద వేలు నొక్కి పట్టుకుంటే ఎర్ర పిన్ను పడుతుంది, దాని అక్షాంశ రేఖాంశాల అంకెలు కనబడతాయి. ఆ అంకెల్ని ఇలా లింకు చివర పెడితే చాలు (ఇక్కడివి విజయవాడవి, మచ్చుకి):

```
https://www.google.com/maps/dir/?api=1&destination=16.5062,80.6480
```

బయల్దేరే చోటు ఇందులో లేదు చూశారా, కిటుకంతా అక్కడే ఉంది! ఫోను ఎక్కడుంటే అక్కణ్ణుంచే దారి చూపిస్తుంది. గుంటూరు అత్తయ్యకీ ఖమ్మం పెదనాన్నకీ ఒకటే లింకు.

ఇక ‘ఎంతమంది వస్తున్నారు’ అని అడిగే గూగుల్ ఫారం. రాత్రి భోజనానికి ఎంతమంది, పొద్దున టిఫినుకి ఎంతమంది అని విడివిడిగా అడిగాను, ఎందుకంటే ముహూర్తం అయ్యేదాకా ఉండేవాళ్లు తక్కువ. జవాబులన్నీ షీటులోకి వచ్చి పడతాయి, `=SUM(C2:C)` అంటే మొత్తం వచ్చేస్తుంది. ఒక్కటి చూసుకోవాలి. జవాబు రాసే పెట్టె ఇస్తే జనం ‘నలుగురం’ అని అక్షరాల్లో రాస్తారు. షీటు దాన్ని కూడదు, తప్పని కూడా చెప్పదు. వరస పెరిగినా మొత్తం కదలకపోతే కారణం అదే. సున్నా నుంచి పది దాకా అంకెలతో డ్రాప్‌డౌన్ పెడితే ఆ బాధే ఉండదు.

జవాబు తర్వాత మార్చుకునే వీలు కూడా ఆన్ చేశాను. పిన్ని తన జవాబులోకి మళ్లీ వెళ్లి అయిదుని ఏడు చేసింది, కొత్త వరస పడకుండా ఉన్న వరసలోనే అంకె మారింది. వంటాయనకి చెప్పాల్సిన లెక్క అప్పటికప్పుడు నా ఫోనులో రెండు పెరిగింది!