చక్కర్

శాలిబండ నుంచి జిద్దా పోయిన మియా బీవీలు వీడియోలో నాతో కౌన్సిలింగ్‌కు కూర్చున్నారు. ఇక్కడ ఆమెకు అమ్మీ, ఆపా, పక్కింటి ఖాలా ఉండేవాళ్లు. అక్కడ మాట్లాడే మనిషి అతనొక్కడే.

అతను డ్యూటీ నుంచి రాగానే "ఎందుకింత దేర్?" అంటుంది. అతను ఖామోష్. ఆమె గొంతు పెరుగుతుంది. అతను బయటికెళ్లిపోతాడు. ఈ నాలుగూ గుండ్రంగా రాసి చూపించి, ఎక్కడ మొదలైందని అడిగాను. ఇద్దరూ చెరో జవాబు చెప్పారు.

1980లలో స్యూ జాన్సన్, లెస్లీ గ్రీన్‌బర్గ్ రూపొందించిన ఎమోషనల్లీ ఫోకస్డ్ థెరపీలో మొదటి పని ఇదే. దుష్మన్ ఎదుటి మనిషి కాదు, ఈ చక్కర్ అని ఇద్దరికీ కనబడాలి.

తర్వాత గుస్సా కింద ఏముందో వెతకాలి. ఆమెకు తన్‌హాయీ. అతనికి నౌకరీ పోతుందేమోనన్న భయం, అది చెప్పుకోవడానికి శరమ్.

ఆఖర్న దాన్నే సూటిగా చెప్పుకోవాలి: "వచ్చాక కాసేపు నా దగ్గర కూర్చో." ముందే ఇక్కడికి దూకితే ఆ మాట కూడా ఇల్జామ్‌లా వినబడుతుంది. జగ్డా మధ్యలో ఒకరు "మళ్లీ చక్కర్‌లో పడ్డాం" అని ఆగగలిగితే, అప్పుడు వేళయినట్టు.

కొట్టడం, బెదిరించడం ఉన్న ఇంట్లో మాత్రం ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టను. అక్కడ ముందు హిఫాజత్.