పరిహారం సొమ్ము

జూన్ 12, 2025, గుడివాడ

మోపిదేవి దగ్గర హైవే కింద పోయిన నాన్న పొలం ముక్కకి పరిహారం ఈ పొద్దున నా ఖాతాలో పడింది. 36 లక్షలు. భూమికి ఎంత విలువ కట్టారో అంతకు అంత సొలేషియం ఇచ్చారు. నోటిఫికేషన్ నాటి నుంచి అవార్డు దాకా ఏడాదికి 12 శాతం చొప్పున అదనం కూడా కలిపారు.

మధ్యాహ్నానికే బ్యాంకు నుంచి ఫోను. ఒక్కసారి ప్రీమియం కట్టే పాలసీ ఉందట, ఈ రోజే ఫారం మీద సంతకం పెట్టమంటారు. తీసుకున్నాక వద్దనుకుంటే కాగితాలు అందిన 30 రోజుల్లోగా వెనక్కి ఇచ్చేయొచ్చు, కానీ కొంత కోసుకునే ఇస్తారు. అసలు సంతకమే పెట్టకుండా ఉంటే సరి. వద్దని చెప్పాను.

జూన్ 14

ఈ డబ్బుతో ఏం చేయాలన్నది తర్వాతి మాట. ఇందులో నాది ఎంతన్నది ముందు తేలాలి.

నాన్న పోయాక మ్యుటేషన్ నా ఒక్కడి పేరనే జరిగింది, అందుకే డబ్బు నా ఖాతాకు వచ్చింది. పాస్‌పుస్తకంలో నా పేరున్నంత మాత్రాన మిగతా వారసుల హక్కు పోదు. ఆ పొలం నాన్న స్వార్జితం, వీలునామా రాయలేదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకి, కొడుక్కి, కూతురికి సమాన వాటాలు. తల్లి బతికి ఉంటే ఆమెకూ ఒక వాటా ఉంటుంది, కానీ నాన్నమ్మ నాన్నకంటే ముందే పోయింది. కాబట్టి అమ్మకి, చెల్లికి, నాకు తలా 12 లక్షలు.

పెదనాన్న కొడుకు వచ్చి "దాని పెళ్లికి కట్నం ఇచ్చారుగా, ఇంకా వాటా ఏంటిరా?" అన్నాడు. ఇచ్చినంత మాత్రాన చట్టంలో చెల్లి హక్కు రద్దు కాదు. ఆమె వదులుకోవాలంటే తన ఇష్టంతో, రాతపూర్వకంగా వదులుకోవాలి. నేను అడగను. వారసులు పంపకాల మీద తగువు పడితే ఆ డబ్బు సివిల్ కోర్టుకు వెళ్లేది, ఏళ్లు పట్టేది.

అవనిగడ్డకు ఫోను చేస్తే చెల్లి "నీ దగ్గరే ఉండనీ అన్నయ్యా, అవసరమైతే అడుగుతా" అంది. అలా కుదరదని చెప్పాను. తన పేర విడిగా ఖాతా ఉండాలి, తన సంతకం లేకుండా అందులోంచి పైసా కదలకూడదు. బావగారికి నాగాయలంకలో వనామి చెరువు లీజుకు తీసుకోవాలని ఉంది. తీసుకోవడమా మానడమా చెల్లే తేల్చుకోవాలి. కొన్నాళ్లు ఆగమని మాత్రం అడిగాను.

జూన్ 21, బందరు

ఆడిటరు గారిని కలిశాను. పల్లెటూరి సాగుభూమి పోయినందుకు వచ్చిన పరిహారం మీద ఆదాయ పన్ను లేదు. 2016లో కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ కూడా ఇచ్చింది. "అసలుకు లేదు గానీ, బ్యాంకులో వేస్తే వచ్చే వడ్డీకి మాత్రం ఉందండి. అవార్డు కాగితం, జమ అయినట్టు స్టేట్‌మెంటు భద్రంగా దాచండి. ఇంత డబ్బు ఎక్కడిదని రేపు నోటీసు వస్తే చూపించాల్సింది అవే" అన్నారు.

అమ్మ వాటా, చెల్లి వాటా సోమవారం బదిలీ చేస్తాను. వాటాలు రాసి ముగ్గురం సంతకాలు పెట్టిన కాగితం తయారైంది.

జూన్ 25

బదిలీలు అయ్యాయి. నా 12 లక్షలు మూడు బ్యాంకుల్లో నాలుగేసి లక్షలుగా, 91 రోజుల డిపాజిట్లు వేశాను. ఒక్కో బ్యాంకులో ఒక్కో మనిషికి అసలు, వడ్డీ కలిపి 5 లక్షల దాకానే డిపాజిట్ బీమా ఉంటుంది. మూడు నెలల వడ్డీ తక్కువే కావచ్చు, కానీ అంత దాకా డబ్బుని ముట్టుకోకపోవడమే నాకు కావాల్సింది.

అమ్మ విషయం వేరు. ఆమెకు నెల నెలా ఖర్చులకి కావాలి. పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ పొదుపు పథకం 8.2 శాతం ఇస్తోంది. 12 లక్షలకి ఏడాదికి 98,400, మూడు నెలలకోసారి 24,600 చేతికొస్తాయి. ఐదేళ్ల గడువు, మధ్యలో తీస్తే కోత పడుతుంది. అందుకని లక్ష ఆమె పొదుపు ఖాతాలో ఉంచి, మిగతా 11 లక్షలే వేద్దామన్నాను. "మందులకి ఎవర్నీ అడగక్కర్లేదు కదా నాయనా" అంది.

జూలై 9, బందరు

పోర్టు పనులు 2023 మేలో మొదలైనప్పటి నుంచి ఇక్కడ ప్లాట్ల బ్రోకర్లు మనుషుల్ని నిలవనీయడం లేదు. ఒకాయన ఇవాళ నన్ను తపసిపూడి వైపు తీసుకెళ్లి, రాళ్లు పాతిన సైటు చూపించి, "రెండు లక్షలు బయానా ఇచ్చేయండి, శ్రావణంలో రిజిస్ట్రేషన్" అన్నాడు. సర్వే నంబరు అడిగితే కాసేపు నసిగి చెప్పాడు.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చూపిస్తే ఆ నంబరు 22ఎ జాబితాలో ఉంది. అంటే రిజిస్ట్రేషన్‌కి నిషేధం ఉన్న భూమి, అసైన్డ్ భూమి లాంటిది. ఆ జాబితా చూడకుండా బయానా ఇచ్చి ఉంటే, రిజిస్ట్రేషన్ కాని స్థలానికి రెండు లక్షలు ఇరుక్కునేవి. తిరిగి రాబట్టుకోవాలంటే అతని చుట్టూ తిరగాలి. ఈ ఆఫీసులో అడిగితే పది నిమిషాల్లో తేలింది. ఈసీ, లింకు డాక్యుమెంట్లు చూడాల్సిన అవసరం కూడా రాలేదు.

జూలై 11, గుడివాడ

బ్రోకరు మళ్లీ ఫోను చేశాడు, ఇంకో సైటు ఉందట. డిపాజిట్లు సెప్టెంబరు దాకా తీయనని, అప్పటికీ ఏ సైటైనా సర్వే నంబరు కాగితం మీద రాసి ఇచ్చాకే మాట్లాడదామని చెప్పాను.