అరకిలో కుట్టు పిండి

ఆ పిండి కొనుక్కొచ్చింది నేనే. అందుకే ఇది రాస్తున్నా.

ఉద్యోగం నోయిడాలో. ఇల్లుగలవాళ్లు పైన, నేను కింద ఒక గదిలో. ఓనర్ ఆంటీ ఏటా రెండుసార్లు నవరాత్రి ఉపవాసం చేస్తారు. మనకి ఉగాదితో మొదలయ్యే వసంత నవరాత్రుల్లో ఒకసారి, దసరాకి ఒకసారి. మన ఇళ్లలో దసరా అంటే పులిహోర, దద్దోజనం. ఇక్కడ ఉపవాసమంటే ఆ తొమ్మిది రోజులూ బియ్యం, గోధుమ ముట్టరు. వాటి బదులు కుట్టు తింటారు. ఇంగ్లిష్‌లో బక్‌వీట్ అంటారు కదా, అదే. ఇది వరి, గోధుమల్లా గడ్డిజాతి గింజ కాదు, వేరే మొక్క విత్తనం. ఆ లెక్కన ఉపవాసానికి చెల్లుతుంది.

రెండేళ్ల క్రితం దసరా నవరాత్రుల మొదటి రోజు. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుంటే ఆంటీ ఫోన్ చేశారు. “బేటా, వచ్చేటప్పుడు అరకిలో కుట్టూ ఆటా పట్టుకురా. నేను మర్చిపోయాను.” సందు చివర కొట్లో ప్యాకెట్లు అయిపోయాయి. మూత లేని పెద్ద డబ్బాలోంచి చిన్న పారతో తీసి కవర్లో పోసి ఇచ్చాడు. నేను వాసన చూడలేదు, తేదీ అడగలేదు. ఫోన్ తీసి డబ్బులు కట్టేసి వచ్చేశా.

రాత్రి ఎనిమిదింటికి పైనుంచి పిలుపు. కుట్టు పూరీలు, సైంధవ లవణం వేసిన బంగాళాదుంప కూర. నాకు ఉపవాసం లేకపోయినా మూడు పూరీలు లాగించా. కొంచెం చేదనిపించింది. కుట్టు రుచే అంతేమో అనుకున్నా.

పదకొండు దాటాక కళ్లు తిరగడం మొదలైంది. చేతులు సన్నగా వణుకుతున్నాయి. ఆఫీసు టెన్షన్ అనుకుని పడుకోబోతుంటే పైన ఎవరో వాంతి చేసుకుంటున్న శబ్దం. వెళ్లి చూస్తే ఆంటీ బాత్రూమ్‌లో, అంకుల్ సోఫా మీద, వాళ్లబ్బాయి కిచెన్ సింక్ దగ్గర. నలుగురం ఒకే ఆటోలో ఇరుక్కుని ఆసుపత్రికి వెళ్లాం. ఆంటీ అప్పటికి పొద్దుట్నుంచీ పండ్లు, టీ తప్ప ఏమీ తినలేదు. ఉన్న కాస్త నీరు కూడా వాంతుల్లో పోయింది. బీపీ బాగా పడిపోయిందన్నారు.

డ్యూటీ డాక్టర్ మమ్మల్ని చూసి మొదట అడిగింది ఒకటే మాట: “కుట్టూనా?” ఆ రాత్రి అదే తిని వచ్చినవాళ్లు అప్పటికే ముగ్గురున్నారట. సెలైన్ పెట్టించారు. తర్వాత ఒక్కొక్కరి కళ్లలో టార్చి వేసి చూశారు, “నోరు ఎండిపోతోందా? చూపు మసకగా ఉందా?” అని అడిగారు. ఎందుకు అడుగుతున్నారో అప్పుడు నాకర్థం కాలేదు. మేం ముగ్గురం తెల్లారేసరికి ఇంటికొచ్చేశాం. ఆంటీ మాత్రం రెండు రోజులు అక్కడే ఉన్నారు. ఆ రెండు రోజులూ అంకుల్ నన్నొక్క మాట కూడా అనలేదు. నాలుగు తిట్టినా తేలిగ్గా ఉండేది.

తర్వాత కూర్చుని పాత వార్తలు తిరగేశా. 2011 ఏప్రిల్‌లో ఢిల్లీలో ఇలాగే రెండొందల మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. 2025 మార్చి ఆఖర్లో డెహ్రాడూన్‌లో వంద మందికి పైగా, అదే ఏడాది సెప్టెంబర్‌లో ఢిల్లీ జహంగీర్‌పురి వైపు మళ్లీ వంద మందికి పైగా. (చివరి రెండూ మా సంగతి తర్వాతివి. అలవాటైపోయి ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నా.) తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపించింది. మూడుసార్లూ నవరాత్రుల మొదటి రోజుకి అటూ ఇటూనే. ఐదో రోజో ఎనిమిదో రోజో కాదు.

ఎందుకో ఆలోచిస్తే తట్టింది. కుట్టు పిండిని రోజూ ఎవరూ కొనరు. అమ్మకాలన్నీ ఈ రెండు నవరాత్రులు, శివరాత్రి, జన్మాష్టమి లాంటి రోజుల్లోనే. ఏప్రిల్‌లో మిగిలిన పిండి దసరా దాకా కొట్లోనో, ఇంట్లో అల్మరాలోనో కూర్చుంటుంది. మధ్యలో ఉత్తరాది ఎండాకాలం, దాని వెంటే వానాకాలం. అంటే ముందు వేడికి కాగి, తర్వాత తేమ పీల్చుకుని, పండగ మొదటి రోజున బయటికొస్తుంది. కొట్లో డబ్బా సంగతి ఇంకా ఘోరం. పాతది అడుగున ఉండగానే పైన కొత్తది పోస్తారు. మా భాషలో చెప్పాలంటే అది క్యూ కాదు, స్టాక్. అడుగున పడ్డ పిండికి బయటికొచ్చే టర్న్ పండగ రద్దీలోనే వస్తుంది.

గోధుమపిండికి లేని బాధ దీనికేమిటి? ఊళ్లో తవుడు చూసినవాళ్లకి ఈజీగా అర్థమవుతుంది. మిల్లులో పట్టిన తవుడు కొద్ది రోజులకే పాత నూనె వాసన కొడుతుంది. అందులో కొవ్వు ఉంటుంది, ఆ కొవ్వును విడగొట్టే ఎంజైమ్ కూడా ఉంటుంది. గింజ గింజగా ఉన్నంతకాలం రెండూ వేరువేరు గదుల్లో ఉంటాయి. పిండి పట్టగానే గోడలు కూలి రెండూ కలుస్తాయి, పైగా గాలి తగులుతుంది. కుట్టుదీ ఇదే కథ. గింజగా నెలల తరబడి నిలవుంటుంది. పిండయ్యాక మాత్రం, వేడి ప్రాంతంలో, మూత సరిగా లేకుండా ఉంచితే నెల దాటాక నేను నమ్మను.

ఇక్కడే నేను మొదట పొరబడ్డాను. ముక్కిపోయిన కొవ్వే మమ్మల్ని పడగొట్టిందనుకున్నా. ముక్కిన పిండి కడుపు పాడుచేస్తుంది, నిజమే. కానీ కళ్లు తిరగడం, వణుకు, ఊళ్లకి ఊళ్లు ఆసుపత్రికి పరిగెత్తడం, వీటన్నిటికీ అదొక్కటే సరిపోదు. తేమ తగిలిన పాత పిండికి బూజు పడుతుంది. కొన్ని బూజులు విషం వదులుతాయి. పూరీ నూనెలో వేగినంత మాత్రాన ఆ విషం పోదు. బూజు చచ్చిపోతుంది, అది వదిలింది మిగులుతుంది.

ఇంకో దారి కూడా ఉంది, డాక్టర్ టార్చి వేసింది దాని కోసమే. 2003లో స్లొవేనియాలో కుట్టు వంటకాలు తిని డెబ్బై మందికి పైగా జబ్బుపడ్డారు. నోరు ఎండిపోవడం, చూపు మసకబారడం, గుండె దడ, మతి తప్పినట్టు మాట్లాడటం. ఆరా తీస్తే కుట్టు పంటలో కలుపుగా పెరిగిన ఉమ్మెత్త గింజలు పిండిలో కలిశాయని తేలింది. ఉమ్మెత్త! మన వినాయకచవితి పత్రిలో ఉంటుందే, అదే జాతి. మా నలుగురికీ ఆ లక్షణాలు లేవు. మరి మాది ఏమిటి? తెలీదు, ఇక తెలీదు కూడా. ఎందుకంటే ఆసుపత్రి నుంచి ఇంటికి రాగానే అంకుల్ కోపంతో మిగిలిన పిండి మొత్తం చెత్తబుట్టలో పారేశారు. ఆహార భద్రత అధికారులకి ఇవ్వడానికి మా దగ్గర చిటికెడు కూడా మిగల్లేదు. మీకెప్పుడైనా ఇలా జరిగితే ఆ పిండి, ప్యాకెట్, వండింది కొంచెం, కవర్లో కట్టి ఎవరూ తినకుండా పక్కన పెట్టండి. మనిషి మాత్రం ఆగకూడదు. ఇంట్లో వాంతి చేయించే ప్రయత్నాలు వద్దు. మతి తప్పినట్టున్నా, చూపు మసకేసినా వెంటనే ఆసుపత్రికి.

ఇప్పుడు కొనే పని కూడా నాదే. ఆంటీయే ఇచ్చారు, శిక్షో నమ్మకమో అడగలేదు. నేను పిండి కొనడం మానేశాను. పొట్టు తీసిన గింజ కొంటాను, ఇక్కడ కుట్టు గిరి అంటారు. గింజ మూడు మూలలుగా, చిన్న పిరమిడ్‌లా ఉంటుంది. తాజాదైతే లేత ఆకుపచ్చ కలిసిన తెలుపు. పాతబడేకొద్దీ ఎర్రటి గోధుమరంగుకి తిరుగుతుంది. (వేయించి అమ్మేది కూడా గోధుమరంగే, కాబట్టి పచ్చిదేనా అని అడగాలి.) పళ్లెంలో పోసి బియ్యం ఏరినట్టు ఏరతాను. ఉమ్మెత్త గింజ చిన్నగా, చదునుగా, మూత్రపిండం ఆకారంలో ఉంటుంది కాబట్టి మూడు మూలల మధ్య తేడా తెలుస్తుంది. పిండయ్యాక ఆ అవకాశం ఏ దేవుడూ ఇవ్వడు. నలుగురికి ఒక పూటకి పావుకిలో చాలు. పొడి మిక్సీలో రెండు విడతలుగా తిప్పి జల్లిస్తే అయిపోయింది. మిగిలితే గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెడతాం. పండగ అయ్యాక ఇంకా ఉంటే పారేస్తాం.

గింజ దొరక్కపోతే ప్యాకెట్టే, విడిగా పోసేది మాత్రం వద్దు. ఉత్తరాఖండ్‌లో 2025 దసరాకి ముందు విడి కుట్టు పిండి అమ్మకాన్నే ఆపేశారు. ప్యాకెట్ మీద పద్నాలుగు అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉండాలి. తేదీ మీద ఇంకో స్టిక్కర్ అంటించి ఉంటే అక్కడే వదిలేయండి. ఒక తిరకాసు ఏంటంటే, చాలా వాటి మీద ఉండేది ప్యాక్ చేసిన తేదీ, పిండి పట్టిన తేదీ కాదు. అందుకే ప్యాకెట్ విప్పాక కూడా పని ఉంటుంది. ముందు వాసన. తాజా పిండి మట్టివాసనలా, కాస్త వేయించిన పప్పులా ఉంటుంది. పాతది మూత తీసిపెట్టిన నూనె సీసా వాసన. తర్వాత జల్లెడ. ఉండలు కట్టినా, సాలెపోగుల్లాంటి దారాలు తగిలినా ఇక వండే మాటే లేదు. వాసన, జల్లెడ రెండూ పాసైతేనే చిటికెడు నాలుక మీద. స్వల్పమైన చేదు దాని సహజం. గొంతులో గీరుకుంటే ఉమ్మేయడమే. ముద్ద విరిగిపోతోందని మాత్రం కంగారు పడొద్దు. ఇందులో గ్లూటెన్ ఉండదు, అందుకే ఉడికించిన దుంప కలిపి ఒత్తుతారు.

అయితే ఈ పరీక్షలన్నీ పిండి వయసుని చెబుతాయి, విషాన్ని కాదు. బూజు విషానికి వాసన ఉండాలని లేదు, ఉమ్మెత్త పొడి జల్లెడలో దిగిపోతుంది. మంచి వాసన వచ్చిందంటే తాజాది అని అర్థం, అంతవరకే. అందుకే నేను గింజ దగ్గరే మొదలుపెడుతున్నా.

హైదరాబాద్‌లో ఉన్న మా అక్క ఈ మధ్య ఫోన్ చేసింది. డైట్ కోసం బక్‌వీట్ పిండి రెండు కిలోలు ఆఫర్‌లో తెప్పించిందట. “రెండు కిలోలు ఎన్నాళ్లు తింటావే?” అన్నాను. “ఉంటుందిలేరా, పిండేగా.”

మొన్న నవరాత్రి మొదటి రోజు సాయంత్రం మిక్సీ ఆపి గిన్నె పైకి పట్టుకెళ్లా. ఆంటీ ముందు తను వాసన చూశారు, తర్వాత అంకుల్ ముక్కు దగ్గర పెట్టారు, ఆఖరికి నాకే తిరిగిచ్చారు. “నువ్వూ చూడు బేటా, ఆ రోజు చూళ్లేదుగా.” పూరీలు ఒత్తడం ఆ తర్వాతే మొదలైంది.