డిపాజిట్ తీయాలా, లోను తీసుకోవాలా?

బరంపురంలో మన పాత ఇళ్లు చాలావాటికి ఇప్పుడు స్లాబు వయసు మీరింది. మా ఇంటికీ అంతే. పెచ్చులూడి ఇనుప ఊచలు బయటపడ్డాయి. ఇద్దరు మేస్త్రీలను పిలిచాం. ఒకరు మొత్తంగా 5,20,000 అన్నారు. రెండోవారు స్లాబు, వంటిల్లు, వైరింగు విడివిడిగా రాసి 6,00,000 అన్నారు. మొదటి కాగితంలో వైరింగు లేదు, పగలగొట్టిన చెత్త ఎత్తించే ఖర్చూ లేదు. అవి కలిపితే రెండూ దాదాపు ఒకటే. అందుకే 6 లక్షలతో లెక్క వేశాం.

మాకు మూడేసి లక్షల డిపాజిట్లు మూడున్నాయి. రెండింటికి ఈ నెలే గడువు. మళ్లీ వేస్తే 7 శాతం వస్తుంది. బ్యాంకు రిపేరు లోను 9.5 శాతం, అయిదేళ్లు, నెలకు సుమారు 12,600.

మా బావగారు లోనే మేలన్నారు. "లోనుకు కట్టే వడ్డీ మొత్తం లక్షా 56 వేలు. డిపాజిట్ ఉంచితే అయిదేళ్లలో 2 లక్షల 49 వేలు వస్తుంది. ఇంకేం కావాలి?" అన్నారు. రెండు అంకెలూ నిజమే. కానీ లోను అసలు నెలనెలా తగ్గుతుంది కనుక దాని వడ్డీ తక్కువగా కనిపిస్తుంది. అసలు తగ్గించే ఆ 12,600 మన జేబులోంచే పోతోంది. లెక్కలోంచి తప్పిపోయింది అదే.

సరిగ్గా పోల్చాలంటే రెండు దారుల్లోనూ నెలకు అంతే డబ్బు తీయాలి. లోను దారిలో, అప్పు తీరాక చేతిలో డిపాజిట్ 8,49,000 ఉంటుంది. సొంత డబ్బుతో పని చేయించి, ఆ 12,600ను అదే 7 శాతానికి రికరింగ్ డిపాజిట్లో వేస్తే, అయిదేళ్లకు సుమారు 9,06,000 అవుతుంది. అంటే 57 వేలు మిగులు. లోను ప్రాసెసింగ్ ఫీజు ఇందులో కలపలేదు. వచ్చే వడ్డీ మీద పన్ను కట్టేవారికి తేడా ఇంకా పెరుగుతుంది.

కొత్త పన్ను విధానంలో సొంతంగా ఉండే ఇంటి లోను వడ్డీకి మినహాయింపు లేదు. పాత విధానంలో రిపేరు లోనుకు ఏడాదికి 30,000 వరకే.

అయితే ఈ లెక్క నిలవాలంటే రెండు షరతులు. ఒకటి, ఆ 12,600 నిజంగా ప్రతి నెలా వేయాలి. వేయకపోతే అయిదేళ్లకు ఇల్లు బాగుంటుంది, చేతిలో డబ్బు ఉండదు. అలా వేయలేమని తెలిసినవారికి లోను వాయిదాయే కట్టుదిట్టం. రెండు, చేతిలో ఆరు నెలల ఖర్చు మిగలాలి. మా ఇంటి ఖర్చు నెలకు 40 వేలు కనుక, మూడో డిపాజిట్ ముట్టుకోలేదు. అవసరమొస్తే దానిమీద అప్పు దొరుకుతుంది, సాధారణంగా డిపాజిట్ వడ్డీకి ఒక శాతం అదనంగా.

మొత్తం పొదుపే 6 లక్షలయితే మేము సగం తీసి, సగం లోను తీసుకునేవాళ్లం. రికరింగ్ డిపాజిట్ మాత్రం పనికి అడ్వాన్సు ఇచ్చిన రోజే తెరిచాం.