కదలని సైకిలు

మన్ననూరు దాటి శ్రీశైలం వైపు సాగే నల్లమల ఘాటు దారిని సైకిలుపై ఎక్కాలన్న కోరిక యాభై నాలుగో ఏట నాలో అంకురించింది. కాని నాగర్‌కర్నూల్‌లో వేసవి ఎండ పొద్దెక్కకముందే నిప్పులు చెరుగుతుంది. కళాశాల ముగిసే వేళకు రోడ్డు సెగలు కక్కుతుంటుంది. అందుచేత సైకిలును ట్రైనర్ అనే ఇనుప పీఠానికి బిగించి, మేడమీది గదిలోనే సాధన ఆరంభించాను.

ఓర్పును పెంచే సాధనలో ‘స్వీట్ స్పాట్’ అనే స్థాయి ఒకటుంది. సుమారు గంటసేపు నిలకడగా తొక్కగల గరిష్ఠ శక్తిలో అది 88 నుండి 94 శాతం. నా గరిష్ఠం 180 వాట్లు గనుక 160 వాట్లను లక్ష్యంగా పెట్టుకున్నాను. మొదట పది నిమిషాలు తేలికగా తొక్కి, తరువాత పన్నెండేసి నిమిషాలు మూడు దఫాలు శ్రమించాలి. దఫాల నడుమ ఐదేసి నిమిషాలు మెల్లగా తొక్కుతూ సేదదీరాలి. చివర మరో పది నిమిషాలు నెమ్మదిగా తొక్కి ముగించాలి.

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం మొదటి దఫాలో నా గుండె నిమిషానికి 146 సార్లు కొట్టుకుంది. మూడో దఫాలో అదే 160 వాట్లకు 170 దాటింది. ఒళ్లు జలదరించి, కళ్లు తిరిగి, దిగి నేలపై కూలబడ్డాను. వయసు మీదపడిందని ఆ రాత్రి దిగులుతో నిద్రపట్టలేదు.

దోషం వయసుది కాదని తరువాత తెలిసింది. పెడలుకు ఒక పాలు శక్తి అందితే, దేహంలో మూడు నాలుగు పాళ్లు వేడిగా మారుతుంది. దారిలో ఎదురుగాలి చెమటను ఆర్చి ఆ వేడిని హరిస్తుంది. గదిలో ఆ గాలి లేదు. నెత్తురు చర్మం వైపు మళ్లుతుంది, చెమటతో నీరు తరుగుతుంది. ఆ లోటు పూడ్చడానికి గుండె వేగం పెంచుకుంటుంది.

నాటి నుండి తెల్లవారుజామున, కిటికీలు తెరిచి, ఛాతీకి ఎదురుగా పెద్ద ఫ్యాను పెట్టి తొక్కుతున్నాను. మూసిన గదిలో కూలరు వాడను. తేమ పెరిగితే చెమట ఆరదు. సాధనకు ముందు, తరువాత బరువు తూచుకుంటాను. కిలో తగ్గితే దాదాపు లీటరు నీరు పోయినట్టే. గుండె వేగం మామూలుకన్నా పది దాటితే పది వాట్లు తగ్గిస్తాను. ఒళ్లు జలదరిస్తే ఆ రోజుకు ఆపేస్తాను.

ఇక మిగిలింది విసుగు. పన్నెండు నిమిషాలను నాలుగేసి నిమిషాల మూడు భాగాలు చేశాను. మొదట వేగంగా, పిదప గేరు పెంచి నిదానంగా, చివర మధ్యస్థంగా తొక్కుతాను. వాట్లు మాత్రం మారవు. నోట పద్యం ఉంటుంది. ఆటవెలది పాదం ఒక్క ఊపిరిలో పలికితే శ్రమ సరిపోయినట్లు. సీసపాదం సాంతం సాగితే శ్రమ చాలనట్లు.

ఘాటు ఇంకా ఎక్కలేదు. కాని నిన్న ఉదయం మూడో దఫా చివర గుండె వేగం 152 దగ్గరే నిలిచింది.